పలుపు ముడి

కోత ముగిసింది. అన్నదమ్ములిద్దరూ గోధుమ పనల్ని చెరిసగం పంచుకుని, పొలంలోనే రెండు కుప్పలు వేసుకున్నారు. అన్నకి పెళ్ళాం, పిల్లలు ఉన్నారు. తమ్ముడు ఒంటివాడు. ఆ రాత్రి తమ్ముడికి నిద్ర పట్టలేదు. అన్న ఇంట్లో తినే నోళ్ళు ఎక్కువ, ఇద్దరం సమానంగా పంచుకోవడం ఏం న్యాయం అనుకున్నాడు. చప్పుడు కాకుండా లేచి, తన కుప్పలోంచి కొన్ని పనలు మోసుకెళ్ళి అన్న కుప్పలో వేసి వచ్చాడు. అదే రాత్రి అన్నకీ నిద్ర పట్టలేదు. తమ్ముడికి కష్టసుఖాలు చెప్పుకునే తోడు లేదు, కనీసం గింజలైనా నాలుగు ఎక్కువ ఉండాలి అనుకున్నాడు. ఆయనా కొన్ని పనలు మోసుకెళ్ళి తమ్ముడి కుప్పలో వేశాడు. తెల్లారి చూస్తే రెండు కుప్పలూ నిన్నటిలాగే ఉన్నాయి. ఇద్దరికీ ఆశ్చర్యమే, ఇద్దరూ పైకి అనలేదు. మళ్ళీ రాత్రి మళ్ళీ మోశారు. చివరికి ఒక రాత్రి, చేతుల్లో పనలతో, పొలం మధ్యలో ఒకరికొకరు ఎదురుపడ్డారు.

జెరూసలేంలో దేవాలయం కట్టడానికి ఆ చోటునే ఎంచుకున్నారని జానపదులు చెప్పుకుంటారు. ఫ్రెంచి కవి లమార్తీన్ తూర్పు దేశాలు తిరిగొచ్చి 1835లో అచ్చువేసిన యాత్రా గ్రంథంలో ఈ కథ ఉంది. అక్కడి అరబ్బుల నోట విన్నానని రాశాడు. యూదులు కూడా దీన్ని తమ కథగా చెప్పుకుంటారు. తోబుట్టువులు ఒకరికి తెలియకుండా ఒకరు ఇచ్చుకోవడం, చివరికి ఒకరి మనసులోది ఇంకొకరికి తెలిసిపోవడం అనే కథకి ఇంతకన్నా పొట్టి నమూనా దొరకదు. కథలు రాయాలనుకునేవాళ్ళు తరచుగా ఎత్తుకునే ఇతివృత్తాల్లో ఇదొకటి. చూడ్డానికి తేలిక, రాయబోతే చేతికి చిక్కదు. ఎందుకు చిక్కదో తెలియాలంటే ఇలాంటి కథని ఒకటి విప్పి చూడాలి, ఇంకొకటి కట్టి చూడాలి.

ముందు ఆ రెండు కుప్పల దగ్గరే కాసేపు ఆగుదాం. నన్ను ఈ కథలో పట్టి నిలిపేది చివర్లో కౌగిలించుకోవడం కాదు, తెల్లారి కుప్పలు నిన్నటిలాగే కనిపించడం. రెండు త్యాగాలు జరిగాయి, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. లెక్కలో మిగిలింది సున్నా. బయటివాడు ఎవడైనా వచ్చి చూస్తే అక్కడ ఏమీ జరగలేదనే అంటాడు. ఏమీ జరగనట్టు కనిపించే చోట రాత్రంతా ఏదో జరిగిందన్న సంగతి చదివేవాడికి మాత్రమే తెలుసు. ఈ కథకి బలం అక్కడుంది.

దీనికి ఎదురుగా ఇంకో కథ పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఓ హెన్రీ రాసిన 'ది గిఫ్ట్ ఆఫ్ ది మేజై' 1905 డిసెంబరు 10న న్యూయార్క్ సండే వరల్డ్ పత్రికలో వచ్చింది. అందులోవాళ్ళు తోబుట్టువులు కాదు, మొగుడూ పెళ్ళాలు. క్రిస్మస్ ముందురోజు డెల్లా చేతిలో ఉన్నది 1 డాలరు 87 సెంట్లు. పొడుగాటి జుట్టుని 20 డాలర్లకి అమ్మి, భర్త జిమ్ గడియారానికి 21 డాలర్లు పెట్టి ప్లాటినం గొలుసు కొంటుంది. మిగిలిన 87 సెంట్లతో ఇంటికొస్తుంది. జిమ్ ఆ గడియారాన్నే అమ్మి ఆమె జుట్టుకి తాబేటి చిప్ప దువ్వెనలు కొని తెస్తాడు. ఇక్కడ త్యాగాలు కొట్టేసుకోలేదు, తలకిందులయ్యాయి. గొలుసు ఉంది, గడియారం లేదు. దువ్వెనలు ఉన్నాయి, జుట్టు లేదు.

ఓ హెన్రీ ఆ సెంట్ల లెక్కంతా ఊరికే రాయలేదు. డబ్బు ఎంత ఉందో, ఎంత తక్కువైందో పాఠకుడికి పైసలతో సహా తెలిస్తేనే జుట్టు అమ్ముకోవడం అనే పని ఎంత ఖరీదైనదో తెలుస్తుంది. ఇచ్చినదాని ఖరీదు కంటికి కనిపించకపోతే ప్రేమ మాటల్లోనే మిగులుతుంది. ప్రేమ్‌చంద్ 'ఈద్‌గాహ్'లో హమీద్ అనే పసివాడి చేతిలో మూడు పైసలే పెట్టడం కూడా ఇందుకే. తోటి పిల్లలు బొమ్మలూ మిఠాయిలూ కొనుక్కుంటుంటే వాడు నాయనమ్మకి పట్టకారు కొంటాడు. రొట్టెలు కాల్చేటప్పుడు ఆవిడ వేళ్ళు కాలడం వాడు చూశాడు. ఇలాంటి కథల్లో బహుమతి అంగట్లో పుట్టదు, అంతకుముందే ఇంట్లో ఎవరో ఏదో గమనించినప్పుడు పుడుతుంది.

ఇక తోబుట్టువుల సంగతి. మొగుడూ పెళ్ళాల కథని తీసుకొచ్చి పేర్లు మార్చి అక్కా తమ్ముళ్ళకి అతికిస్తే అతకదు. భార్యాభర్తలు పెరిగిన ఇళ్ళు వేరు. ఒకరి దగ్గర ఒకరికి దాచుకునే చోటు కొంత ఉంటుంది. ఒకే చాప మీద పడుకుని పెరిగినవాళ్ళకి అది ఉండదు. తమ్ముడు ఏ కూర చూస్తే కంచం దగ్గర్నుంచి లేస్తాడో అక్కకి తెలుసు. అక్క ఏ మాటకి ఏడుస్తుందో తమ్ముడికి తెలుసు, కావాలని అదే మాట అంటాడు కూడా.

పైగా మన ఇళ్ళల్లో అక్కాతమ్ముళ్ళు, అన్నాచెల్లెళ్ళు ఇచ్చిపుచ్చుకోవడం నలుగురి ఎదుట జరిగే పని. దీపావళి వెళ్ళిన రెండోనాడు, కార్తిక శుద్ధ విదియ, భగినీ హస్త భోజనం. యముడు చెల్లెలు యమున ఇంటికి వెళ్ళి ఆమె చేతి వంట తిని వరమిచ్చాడని చెప్పుకునే రోజది. అన్నదమ్ములు ఆ రోజు ఆడపడుచు ఇంటికెళ్ళి భోజనం చేసి, చీరో డబ్బో పెట్టి వస్తారు. ఎవరు ఏం పెట్టారో ఊరందరికీ తెలుస్తుంది. ఇంత బాహాటంగా సాగే వ్యవహారంలోకి రహస్యం తేవాలంటే దానికి గట్టి కారణం కావాలి. తెలుగులో ఈ కథ రాసేవాళ్ళు ముందు తేల్చుకోవలసిన ప్రశ్న, 'ఏం ఇచ్చుకున్నారు' అన్నది కాదు. 'ఎందుకు చెప్పుకోలేకపోయారు' అన్నది.

ఆ ప్రశ్నని పట్టుకుని ఒక కథ కట్టి చూద్దాం.

ఊరు కోనసీమలో ఎక్కడో. అక్కడినుంచి ఇళ్ళల్లో పనికి కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. మన కథలో అమ్మ కూడా వాళ్ళలో ఒకతె. పిల్లలిద్దరూ అమ్మమ్మ దగ్గర ఉంటున్నారు. అక్క రమ్య పదో తరగతి పాసైంది. తమ్ముడు చంటి ఆరోక్లాసుకి వచ్చాడు. సెలవు మీద ఊరొచ్చిన పక్కవీధి పెద్దమ్మ చేత అమ్మ ఇద్దరికీ చెరో పొట్లం పంపింది. రెంటికీ ఒకే గోధుమరంగు కాగితం. పైన దారంతో వేలాడే అట్టముక్క మీద పేరు. ఫోనులో ఏది ఎవరికో ముందే చెప్పేసింది. రమ్యకి ముప్పై ఆరు రంగుల పెన్సిళ్ళ డబ్బా, చంటికి చార్జింగ్ లైటు.

ఎవరికి ఏం కావాలి? రమ్య చిన్నప్పుడు బొమ్మలు వేసేది. అమ్మకి అదే గుర్తు. అమ్మ వెళ్ళిన నాలుగేళ్ళలో రమ్య బొమ్మలు మానేసిందనీ, వంటింట్లో అమ్మమ్మకి సాయం చేసి మిగిలిన టైములో చదువుకుంటోందనీ అమ్మకి తెలియదు. ఇప్పుడు బొమ్మలు వేస్తున్నది చంటి. పాత క్యాలెండరు కాగితాల వెనక, అరిగిపోయిన పెన్సిలు ముక్కతో. రమ్య చూసింది, ఏమీ అనలేదు. రమ్య రాత్రిపూట అందరూ పడుకున్నాక వసారాలో వీధిలైటు పడే మూల కూర్చుని చదువుతుందని చంటి చూశాడు, వాడూ ఏమీ అనలేదు. కాబట్టి రంగులు తమ్ముడికి, లైటు అక్కకి చేరితే బాగుంటుంది. ఇద్దరూ విడివిడిగా అదే అనుకున్నారు.

ఇక్కడే చురుకైన పాఠకుడు అడ్డం తిరుగుతాడు. ఒకే ఇంట్లో ఉంటున్నారు కదా, రెండూ ఇద్దరూ వాడుకోవచ్చుగా? లైటు మధ్యలో పెట్టుకుంటే ఆమె చదువుకుంటుంది, వాడు బొమ్మలు వేసుకుంటాడు. ఇక మార్చుకోవడం దేనికి? తోబుట్టువుల బహుమతి కథలు నూటికి తొంభై ఇక్కడే చస్తాయి. వస్తువులు ఒకే కప్పు కింద ఉన్నంతకాలం త్యాగానికి అర్థం లేదు. కనుక కథలో ఒకరు ఇల్లు వదిలి వెళ్ళాలి. రమ్యకి రాజమండ్రిలో హాస్టలుతో సహా ఇంటర్ సీటు వచ్చింది. జూన్‌లో, ఇంకో వారంలో, వెళ్ళిపోతుంది. ఆమె పెట్టెలో పడ్డ వస్తువు ఆమెతో పోతుంది. ఇంట్లో ఉన్నది ఇంట్లో ఉంటుంది. ఇప్పుడు ఎవరిది ఏది అన్నదానికి బరువొచ్చింది.

రెండో అభ్యంతరం, అమ్మకో అమ్మమ్మకో చెప్పి మార్చుకోవచ్చుగా? చెప్పొచ్చు. కానీ అలా చెప్పడమంటే, నాలుగేళ్ళుగా ఇంటికి దూరంగా ఉన్న అమ్మతో 'నీకు మా సంగతి తెలియదు' అని చెప్పడమే. పిల్లలు ఆ మాట పైకి అనుకోకపోయినా అది వాళ్ళకి తెలుసు. అందుకే నోరు మెదపరు. రహస్యానికి కావలసిన గట్టి కారణం ఇదే. పాఠకుడికి దీన్ని వివరించి చెప్పనక్కర్లేదు. అమ్మ ఫోనులో 'రంగులు నచ్చుతాయి కదే నీకు' అని అడిగినప్పుడు రమ్య ఒక్క క్షణం ఆగి 'చాలా ఇష్టమమ్మా' అంటే చాలు.

మూడో అవసరం, ఒక రాత్రి. పొట్లాలు అందిన వెంటనే విప్పేస్తే మార్చుకోవడానికి వ్యవధి ఉండదు. అమ్మమ్మ ఆ పని చేసిపెడుతుంది. 'రేపు శుక్రవారం. తలంట్లు పోసుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని విప్పుదురుగాని' అని రెండు పొట్లాలూ దేవుడి గూటి కింద పెట్టేస్తుంది. ఇలాంటి అమ్మమ్మ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది కాబట్టి ఇది కథకుడి కల్పనలా అనిపించదు.

ఇప్పుడు రాత్రి. ఇద్దరూ వేరువేరుగా లేచి మారుస్తారు. ఎలా మారుస్తారన్నది ముఖ్యం. పొట్లాలు విప్పి లోపలి వస్తువులు మారిస్తే కాగితం చిరుగుతుంది, చప్పుడవుతుంది. పైన వేలాడే పేరు అట్టలు మార్చడం తేలిక. రమ్య పది దాటాక లేచి రెండు దారాలూ విప్పి, దీని అట్ట దానికీ దాని అట్ట దీనికీ కట్టింది. రెండు గంటలప్పుడు చంటి లేచాడు. వాడూ అదే పని చేశాడు. ఒకసారి మారిస్తే మారినట్టు, రెండుసార్లు మారిస్తే మారనట్టు. కుప్పల కథలో సున్నా మళ్ళీ వచ్చింది. పొద్దున రమ్య పేరు రంగుల డబ్బా మీదే ఉంది, చంటి పేరు లైటు మీదే ఉంది.

అయితే చంటి పేర్లు చదవలేదా? చదివి ఉంటే అక్క ముందే మార్చిందని తెలిసిపోయేది, కథ అక్కడే ఆగిపోయేది. వాడు చదవకపోవడానికి కారణం చీకటి. బల్బు స్విచ్చి అమ్మమ్మ మంచం పక్కనుంది, నొక్కితే ఆవిడ లేస్తుంది. వాడు తడుముకుంటూ వచ్చి, దారాలు లాగి, అట్టలు అటుదిటు ఇటుదటు కట్టి వెళ్ళాడు. ఇక్కడ ఇంకో సంగతి కలపాలి, అదే ఈ కథకి వెన్నెముక. చంటికి చీకటంటే భయం. దొడ్లోకి వెళ్ళాలంటే రాత్రిపూట అక్క తోడు రావాలి. అమ్మ లైటు పంపింది ఆ భయానికే. అక్క వెళ్ళిపోతోంది కాబట్టి, అక్కకి బదులుగా లైటు.

ఇప్పుడు లెక్క చూడండి. డెల్లా ఖరీదు 20 డాలర్ల జుట్టు. హమీద్ ఖరీదు మూడు పైసలు. చంటి పెట్టిన ఖరీదు, ఆ రాత్రి వాడు నడిచిన పది అడుగుల చీకటి. చేతిలో లైటు ఉండి కూడా, దాన్ని అక్కకి ఇవ్వడం కోసం, వెలిగించుకోకుండా నడిచాడు. డబ్బు లేని పిల్లల కథలో త్యాగాన్ని కొలవడానికి రూపాయలు పనికిరావు. ఆ మనిషికి ఏది కష్టమో అందులోనే కొలవాలి.

మిగిలింది తెలుసుకోవడం. కుప్పల కథలో ఇద్దరూ దారిలో ఎదురుపడ్డారు. అది జానపద కథ కాబట్టి చెల్లింది. ఈ రోజుల్లో రాసే కథలో ఇద్దరూ ఒకే నిమిషంలో లేచి ఢీకొంటే, కథకుడే వాళ్ళని నిద్రలేపినట్టుంటుంది. ఉత్తరం దొరకడం, డైరీ చదవడం, అమ్మమ్మ చూసి చెప్పేయడం కూడా అలాంటివే. వాళ్ళు చేసిన పనే వాళ్ళని పట్టివ్వాలి. చేసిన పని దారం కట్టడం. కనుక సాక్ష్యం ముడి.

రమ్య దేన్ని కట్టినా జడ రిబ్బను కట్టినట్టు కడుతుంది, రెండు చెవులొచ్చేలా, పువ్వు ముడి. చంటి సాయంత్రం పూట అమ్మమ్మ దూడని గుంజకి కట్టేవాడు. వాడికి వచ్చింది ఆ పలుపు ముడి ఒక్కటే. ఈ రెండు సంగతులూ కథ మొదట్లోనే, వేరే పనుల మధ్యలో, పాఠకుడి కంటబడి జారిపోవాలి. దూడ ముడి ఊడదీసుకుని పెరట్లో పడి తోటకూర మేసిందని అమ్మమ్మ తిట్టడం, 'నేను కట్టిన ముడి ఊడదే, తాడే తెగింది' అని చంటి వాదించడం ఒక నవ్వుల సన్నివేశంగా వెళ్ళిపోవాలి. సాక్ష్యం అని ముందే తెలిసిపోతే అది సాక్ష్యం కాదు. తీరా అవసరం వచ్చినప్పుడు కొత్తగా పుట్టిస్తే మోసం.

ఇంకొక్క నిర్ణయం ఉంది. కథ ఎవరి పక్కన నిలబడి చెప్పాలి? కుప్పల కథ ఇద్దరి మనసులూ చెబుతుంది, పాఠకుడు పైనుంచి చూస్తూ వాళ్ళెప్పుడు కలుస్తారా అని ఎదురుచూస్తాడు. ఓ హెన్రీ డెల్లా పక్కనే ఉండిపోతాడు, జిమ్ ఏం చేశాడో ఆఖర్న కానీ తెలియదు. మన కథలో ముడి చూసి గ్రహించేది రమ్య. కాబట్టి ఆమె పక్కన ఉంటేనే మేలు. చంటి రెండు గంటలకి లేచిన సంగతి కథలో రాయకూడదు. పొద్దున ఆమె చూసే ముడిలోంచే అది మనకీ తెలియాలి. ఆ భాగం ఇలా ఉండొచ్చు.

తలంటు పోసుకున్న జుట్టు ఆరకముందే రమ్య దేవుడి గూటి దగ్గర కూర్చుంది. అమ్మమ్మ పొట్లాలు ముందుకు జరిపింది. అట్ట మీద 'రమ్య' అని అమ్మ అక్షరాలు. పొట్లం చేతిలోకి తీసుకోగానే అనుమానం వచ్చింది. తేలిగ్గా ఉంది. లోపల ఏదో గలగలమంది. పెన్సిళ్ళు.

రాత్రి మార్చింది నిజమా, కల కన్నదా? రమ్య అట్టని తిప్పి చూసింది. తను పువ్వు ముడి వేసింది. రెండు చెవులూ సమానంగా లాగింది కూడా. ఇప్పుడు అక్కడ చెవులు లేవు. దారం రెండు చుట్లు తిరిగి, కింద నుంచి పైకొచ్చి, బిగుసుకుని ఉంది. దూడ మెడ దగ్గర రోజూ చూసే ముడి.

తలెత్తి చూసింది. చంటి తన పొట్లం ఒళ్ళో పెట్టుకుని, పేరు అట్టని మూడోసారి చదువుకుంటున్నాడు. తప్పు చేసి దొరికిన మొహం కాదు వాడిది. లెక్క తప్పిన మొహం.

'ఏరా, విప్పవేం?' అంది అమ్మమ్మ.

'విప్పుతున్నా' అన్నాడు. విప్పలేదు.

రమ్య చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, మామూలుగా అడిగినట్టు, 'ఒరేయ్, రాత్రి ఒక్కడివే లేచావా?' అంది.

చంటి ఉలిక్కిపడ్డాడు. 'నీకెలా తెలుసు?' అనబోయి ఆగిపోయాడు. అక్క చేతిలో ఉన్న అట్ట వైపు, దాని ముడి వైపు చూశాడు. తన చేతిలో దాని వైపు చూసుకున్నాడు. వాడి మొహంలో ఏదో మెల్లగా తేరుకుంది.

'అయితే నువ్వూ లేచావా?'

'ఏంట్రా మీ గొడవ' అంది అమ్మమ్మ. ఎవరూ జవాబు చెప్పలేదు.

తెలుసుకోవడం ఇంతే. రెండు ప్రశ్నలు, ఒక్క జవాబు కూడా లేదు. ఇక్కడ 'నీకోసమే నేను లైటు ఇచ్చేద్దామనుకున్నాను అక్కా' అని వాడు ఒక్క వాక్యం అన్నా కథ పాడవుతుంది. ముడి చెప్పేసిన మాటని మనిషి మళ్ళీ చెప్పడం అది. రాసేవాళ్ళు తమ కథని తామే పరీక్షించుకోవడానికి ఒక తేలికైన ఉపాయం ఉంది. తెలుసుకున్న తర్వాత పాత్రలు మాట్లాడుకున్న మాటలన్నీ కొట్టేసి చదవాలి. కథ అర్థమైతే ఆ మాటలు అనవసరం. అర్థం కాకపోతే లోపం మాటల్లో లేదు, ముందే పెట్టవలసిన దూడా రిబ్బనూ సరిగ్గా పెట్టలేదన్నమాట.

కానీ కథ ఇక్కడ అయిపోలేదు. ఇప్పటిదాకా బయటపడ్డవి పై కోరికలే. వాడికి రంగులు కావాలి, ఆమెకి లైటు కావాలి. వస్తువు దొరికితే తీరిపోయే కోరిక మీద పెద్ద కథ నిలవదు. దాని కింద ఇంకోటి ఉండాలి, అంగట్లో దొరకనిది. ఓ హెన్రీ కథలో అలాంటి రెండో అడుగు వెతకనక్కర్లేదు, ఎందుకంటే అక్కడ వస్తువులే నిరుపయోగమైపోయి ఆ పని చేస్తాయి. మన కథలో వస్తువులు ఎక్కడివక్కడే ఉన్నాయి కాబట్టి ముగింపు వస్తువుల్ని దాటి వెళ్ళాలి.

ముగింపులు మూడు రకాలుగా తోస్తాయి. మొదటిది, ఇద్దరూ నవ్వుకుని వస్తువులు మార్చుకుంటారు. లెక్క సరిపోతుంది, కథ చల్లారిపోతుంది. రెండోది, రమ్య హాస్టల్లో పెట్టె తెరిస్తే అందులో లైటు కనిపిస్తుంది, పలుపు ముడితో. ఇది బాగానే ఉంటుంది, అందరికీ ముందు తోచేదీ ఇదే. అయితే పాఠకుడు అప్పటికే దాన్ని ఊహించి కూర్చుంటాడు. పైగా అదే పని మూడోసారి చేయించడం అవుతుంది. మూడోది వెతకాలంటే, ఆ లైటు అసలు ఎందుకొచ్చిందో వెనక్కి వెళ్ళి చూడాలి. అక్క వెళ్ళిపోతే తమ్ముడికి దొడ్లోకి తోడెవరు? ఆ ప్రశ్నకి అమ్మ ఇచ్చిన సమాధానం లైటు. దాన్ని చంటి వద్దన్నాడంటే అర్థమేమిటి? అక్క వెళ్ళడానికి వాడు ఒప్పుకున్నాడని. రమ్య వెళ్ళలేక వెళ్ళలేక వారం రోజులుగా సతమతమవుతున్నది ఇందుకే. తమ్ముణ్ణి వదిలి వెళ్ళడం తప్పేమో అన్న దిగులుతో. ఆమె దాచుకున్న అసలు కోరిక లైటు కాదు, దిగులు లేకుండా వెళ్ళడం. వాడు దాచుకున్న అసలు కోరిక రంగులు కాదు, అక్క వెళ్ళకపోవడం. ఒకరి కోరిక తీరితే ఇంకొకరిది తీరదు. ఆ రాత్రి చీకట్లో తమ్ముడు ఇచ్చింది తన కోరికనే.

ఈ ముక్కని ఇక్కడ వ్యాసంలో ఇలా విప్పి చెప్పవచ్చు కానీ కథలో చెప్పకూడదు. కథలో అది ఒక మామూలు పనిలో కనబడాలి. ఆ రాత్రే, భోజనాలయ్యాక, రోజూలాగే రమ్య వెనక తలుపు దగ్గరికొచ్చి నిలబడింది.

'పద, దొడ్లోకి తోడొస్తాను.'

'వద్దులే' అన్నాడు చంటి.

'లైటన్నా పట్టుకెళ్ళు.'

'దానికి చార్జింగ్ ఎక్కుతోంది. నీ పెట్టెలో పెట్టాలిగా.'

తలుపు తీశాడు. బయట కొబ్బరిచెట్ల కింద చీకటి గట్టిగా ఉంది. గడప మీద ఒక్క క్షణం నిలబడి, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

'నువ్విక్కడే ఉండు. పిలిస్తే పలుకు, చాలు.'

రమ్య గడప మీద కూర్చుంది. చీకట్లోంచి కొంచెం దూరం నుంచి 'అక్కా' అని వినిపించింది. 'ఆఁ' అంది. ఇంకొంచెం దూరం నుంచి మళ్ళీ వినిపించింది. మళ్ళీ 'ఆఁ' అంది. ఆ తర్వాత వాడు పిలవలేదు.

ఇందులో రంగుల డబ్బా ఏమైందో రాయలేదు. అక్కర్లేదు కూడా. లైటు అక్క పెట్టెలోకి వెళుతోందని ఒక్క మాటతో తెలిసింది, రంగులు ఇంట్లోనే ఉంటాయని పాఠకుడు తనే కలుపుకుంటాడు. రెండోసారి పిలిచాక వాడు పిలవకపోవడం దగ్గర కలం ఆపేయాలి. 'వాడు పెద్దవాడయ్యాడు' అని ఇంకో వాక్యం రాయబుద్ధేస్తుంది. ఆ వాక్యం రాసినవాళ్ళు, వాడు చీకట్లో నడిచి వచ్చిన దూరాన్ని పాఠకుడు కొలవలేడని అనుకున్నట్టే.

ఇంత కట్టాక మళ్ళీ ఒకసారి ఆ గోధుమ కుప్పల దగ్గరికి వెళితే, ఆ పాత కథలోనూ కిందటి పొర ఒకటి కనిపిస్తుంది. తమ్ముడు ఇచ్చింది గింజలు, కానీ అన్న బాధపడింది తమ్ముడి ఒంటరితనం గురించి. ఎన్ని పనలు మోసినా ఆ లోటు తీరేది కాదు. అది తీరింది పొలం మధ్యలో, అర్ధరాత్రి, ఇద్దరూ చేతులు నిండా పనలతో నిలబడి ఒకరినొకరు చూసుకున్నప్పుడు. కుప్పలు మర్నాడు కూడా సమానంగానే ఉండి ఉంటాయి.